రూ.34 వేల బాకీ దగ్గర ఆగిన అమ్మకం: రిజిస్టరు కాని అగ్రిమెంటుతో స్వాధీనం నిలబెట్టుకున్న కేసు

సివిల్ కోర్టులో ప్రాక్టీసు చేసేవారి దగ్గరకు ఇలాంటి కేసు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. భూమి కొన్నారు, డబ్బులో పెద్ద భాగం ఇచ్చేశారు, దున్నుకుంటున్నారు, రిజిస్ట్రేషన్ మాత్రం జరగలేదు. అమ్మినాయన పోయాక వారసులు వచ్చి భూమి ఖాళీ చేయమంటారు. ఆస్తి బదిలీ చట్టంలోని 53ఏ సెక్షన్ ఇలాంటి కొనుగోలుదారు కోసమే ఉంది. అయితే ఆ రక్షణ దక్కాలంటే ఏ కాగితం మీద నిలబడాలి, ఏ వాదన వదులుకోవాలి అన్నది ముందే తేల్చుకోవాలి. ఈ కేసులో ఆ నిర్ణయాలు ఒక్కొక్కటీ ఎందుకు తీసుకున్నామో రాస్తున్నాను. పేర్లు, ఊరు, కోర్టు వదిలేశాను. గుర్తుపట్టే వీలున్న కొన్ని వివరాలు మార్చాను.

నేపథ్యం

కోస్తా ఆంధ్రలో ఒక పల్లె. 2 ఎకరాల 20 సెంట్ల మెట్ట భూమి. 1998 డిసెంబరులో ఎకరం రూ.1,20,000 చొప్పున మొత్తం రూ.2,64,000కు బేరం కుదిరింది. అగ్రిమెంటు రాసుకున్న రోజునే కొనుగోలుదారు రూ.1,80,000 ఇచ్చాడు. అమ్మకందారుకు ఆ భూమి మీద సహకార సంఘంలో తనఖా అప్పు ఉంది. అది తీర్చి, కాగితాలు విడిపించుకున్నాక మిగిలిన రూ.84,000 తీసుకుని రిజిస్ట్రేషన్ చేయించాలన్నది షరతు. ‘నేటి దినమే షెడ్యూలు భూమిని మీ స్వాధీనం చేసినాము’ అన్న వాక్యం అగ్రిమెంటులో స్పష్టంగా ఉంది. తక్కువ విలువ స్టాంపు కాగితం మీద రాసిన ఆ దస్తావేజుపై అమ్మకందారు సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు, రాసినవాడి సంతకం ఉన్నాయి.

అప్పు తీరలేదు. 2003లో అమ్మకందారుకు ఇంట్లో ఏదో అవసరం వచ్చి ఇంకో రూ.50,000 తీసుకున్నాడు. అప్పుడు వేరే కాగితం మీద మరో రాత రాసుకున్నారు. పైన ‘అగ్రిమెంటు’ అని శీర్షిక పెట్టారు. రూ.50,000 ముట్టినట్టు, రిజిస్ట్రేషన్ గడువు పొడిగించినట్టు, మిగతా షరతులన్నీ పాత అగ్రిమెంటు ప్రకారమేనన్నట్టు రాశారు. మిగిలిన బాకీ రూ.34,000. ఈ రెండో కాగితం తర్వాత ఎంత ముఖ్యమైందో ఆ రోజు రాసుకున్నవారెవరికీ తెలిసి ఉండదు.

2009లో అమ్మకందారు చనిపోయాడు. ఇద్దరు కొడుకులు సంఘం అప్పు తీర్చి పాసు పుస్తకాలు తమ పేర మార్పించుకున్నారు. 2011లో కొనుగోలుదారు లాయరు నోటీసు ఇచ్చాడు: రూ.34,000 సిద్ధంగా ఉంది, రిజిస్ట్రేషన్ చేయండి అని. ఒక కొడుకు నోటీసు తీసుకోలేదు. రెండో కొడుకు మాకేమీ తెలియదని జవాబిచ్చాడు. అక్కడితో కొనుగోలుదారు ఊరుకున్నాడు. భూమి తన చేతిలోనే ఉంది కదా అన్న ధీమా. 2016లో కొడుకులు దావా వేశారు: భూమి మాదని ప్రకటించి, స్వాధీనం ఇప్పించండి అని.

నా దగ్గరకు వచ్చేనాటికి

అప్పటికే మరో న్యాయవాది ద్వారా జవాబు దావా దాఖలై ఉంది. కొనుగోలుదారు కాగితాల సంచి బల్ల మీద పెట్టి, ‘డబ్బు ఇచ్చాను, పొలం నా చేతిలో ఉంది, కాగితం ఉంది. ఇంకా భయం దేనికండీ?’ అన్నాడు.

భయానికి కారణాలు చాలానే ఉన్నాయి. మొదటిది గడువు. నిర్దిష్ట పాలన దావా, అంటే ‘ఒప్పందం ప్రకారం నాకు రిజిస్టరు చేయించండి’ అని కోరే దావా, నిరాకరణ తెలిసిన మూడేళ్లలో వేయాలి. లిమిటేషన్ చట్టంలో 54వ ఆర్టికల్ అది. 2011లో వచ్చిన ‘మాకేమీ తెలియదు’ అన్న జవాబే నిరాకరణ. ఆ లెక్కన 2014లోనే తలుపు మూసుకుపోయింది. ఇప్పుడు కౌంటర్ క్లెయిముగా అడిగినా అదే గడువు అడ్డు వస్తుంది.

రెండోది, అతని చేతిలో ఉన్నది హక్కు కాదు. అమ్మకం అగ్రిమెంటు భూమి మీద ఏ హక్కూ ఇవ్వదని ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ చెబుతుంది. రిజిస్టరు దస్తావేజు పుట్టనంతవరకు భూమి అమ్మకందారుదే, అతని తర్వాత వారసులదే. కాబట్టి దావాలో మొదటి కోరిక, హక్కు ప్రకటన, వాళ్లకు దాదాపు ఖాయం. మేము పోరాడగలిగింది రెండో కోరిక మీదనే.

ఆ పోరాటానికి ఉన్న ఏకైక ఆధారం 53ఏ. ఈ సెక్షన్‌ను 1929 సవరణ చట్టంతో చేర్చారు, 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. సారాంశం ఇది: అమ్మకందారు సంతకం చేసిన రాతపూర్వక ఒప్పందం ఉండాలి, దాని షరతులు ఆ రాత నుంచే స్పష్టంగా తెలియాలి, ఆ ఒప్పందంలో భాగంగా కొనుగోలుదారు స్వాధీనం పొంది ఉండాలి, లేదా ముందే స్వాధీనంలో ఉంటే అలాగే కొనసాగుతూ ఒప్పందం కోసం ఏదైనా చేసి ఉండాలి, తన వంతు నెరవేర్చి ఉండాలి, లేదా నెరవేర్చడానికి సిద్ధంగా ఉండాలి. ఇవన్నీ ఉంటే అమ్మకందారు గానీ అతని ద్వారా హక్కు చెప్పుకొనేవారు గానీ కొనుగోలుదారుపై, ఒప్పందంలో రాసుకున్నవి తప్ప, ఆ ఆస్తి మీద మరే హక్కూ అమలు చేసుకోలేరు.

కొడుకులు ‘అతని ద్వారా హక్కు చెప్పుకొనేవారు’ అవుతారా అన్నది మొదట చూసుకున్నాను. పిత్రార్జితమైతే వాళ్లు పుట్టుకతో వచ్చిన వాటా అంటారు, అప్పుడు తండ్రి ఒప్పందం వాళ్ల వాటాను కట్టేయదన్న వాదన బలపడుతుంది. అదృష్టవశాత్తు ఈ భూమిని తండ్రి తన పేర రిజిస్టరు దస్తావేజుతో కొన్నాడు. స్వార్జితం. కొడుకులది వారసత్వ హక్కే తప్ప వేరే కాదు.

గడువు దాటిపోవడం 53ఏకు అడ్డు కాదు. 2002లో శ్రీమంత్ శామ్‌రావ్ సూర్యవంశీ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. లిమిటేషన్ దావా వేసే దారిని మూసేస్తుంది, ప్రతివాదిగా చెప్పుకొనే రక్షణను కాదు అని. అయితే మిగతా షరతులన్నీ అతను నిరూపించుకోవాలి. అందువల్ల 2014లో ఒక తలుపు మూసుకున్నా, 2016లో కొడుకులు దావా వేయడమే మాకు మరో తలుపు తెరిచింది.

ఇంజంక్షన్ దావా మనమే ముందు వేసి ఉంటే బాగుండేది కదా అని కొనుగోలుదారు కొడుకు అడిగాడు. 53ఏ డాలు మాత్రమే, కత్తి కాదన్నది పాత మాట. హక్కు సంపాదించడానికి దాన్ని వాడలేమని 1968లో ఢిల్లీ మోటార్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ తర్వాత 2022లో బల్‌రామ్ సింగ్ కేసులో, రిజిస్టరు కాని అగ్రిమెంటుతో నిర్దిష్ట పాలన అడగకుండా తెలివిగా ఉత్త ఇంజంక్షన్ మాత్రమే అడిగితే ఇవ్వడం కుదరదని కూడా చెప్పింది. ప్రతివాదిగా నిలబడడమే ఈ కేసులో మాకు కలిసివచ్చింది.

ఏ కాగితం మీద నిలబడాలి?

పాత జవాబు దావాలో 2003 కాగితాన్నే ప్రధానంగా చూపారు. కారణం ఊహించగలను. అది శుభ్రంగా ఉంది, మొత్తం రూ.2,30,000 ముట్టినట్టు కనిపిస్తోంది, బతికున్న సాక్షులు ఎక్కువ. 1998 కాగితం మడతల దగ్గర చిరిగి, ఒక సాక్షి, రాసినవాడు కాలం చేసి ఉన్నారు.

ఎంత శుభ్రంగా ఉన్నా 2003 కాగితం మీద నిలబడితే కేసు అక్కడే పోతుంది. 2001 సెప్టెంబరు 24న ఒక కేంద్ర సవరణ చట్టం అమల్లోకి వచ్చింది. దాని ద్వారా రిజిస్ట్రేషన్ చట్టంలో 17(1ఏ) చేరింది: ఆ తేదీన గానీ తర్వాత గానీ రాసిన అమ్మకం ఒప్పందాలు రిజిస్టరు కాకపోతే 53ఏ కోసం వాటికి ఏ విలువా ఉండదు. అదే సవరణతో 53ఏలో ‘రిజిస్టరు కావలసి ఉండి కాకపోయినా’ అన్న మాటలను తీసేశారు. రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్ మినహాయింపులో పార్ట్ పెర్ఫార్మెన్స్, అంటే 53ఏ రక్షణ, ప్రస్తావననూ తొలగించారు. రిజిస్టరు కాని ఒప్పందం ఇప్పటికీ నిర్దిష్ట పాలన దావాలో సాక్ష్యంగా పనికొస్తుంది గానీ, మాకు ఆ దారి మూసుకుపోయిందని ముందే చెప్పాను.

2001 తర్వాతి కాగితాలకు అనుకూలంగా వాదించడానికి చోటు లేదు. 1998 నాటిది వేరు. ‘ఆ తేదీన లేదా తర్వాత’ అన్న మాటలే దాన్ని బయట పెడతాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఇంకో తేదీ కూడా చూసుకోవాలి. 1999 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్ర సవరణ ప్రకారం అమ్మకం అగ్రిమెంట్లకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మా కాగితం దానికీ ముందే పుట్టింది. ఆ రెండు తేదీల మధ్య రాసినవాటికి వేరే వాదన కావాలి, ఈ కేసులో ఆ అవసరం రాలేదు.

అయితే ఎదుటి న్యాయవాది కూడా తేదీలు చూశారు. వారి వాదన ఇది: 2003లో రెండు పక్షాలూ కొత్త ఒప్పందం చేసుకున్నాయి, కాంట్రాక్టు చట్టం 62వ సెక్షన్ ప్రకారం పాతదాని స్థానంలో కొత్తది వచ్చింది, పాతది చచ్చిపోయింది, కొత్తది రిజిస్టరు కాలేదు, కాబట్టి 53ఏ లేదు. శీర్షికే ‘అగ్రిమెంటు’ అని ఉందని పదే పదే చూపారు. మంచి వాదన. వారి స్థానంలో నేను ఉండి ఉంటే నేనూ అదే చెప్పేవాణ్ని.

దీనికి జవాబు 63వ సెక్షన్‌లో ఉంది. ఒక పక్షం తనకు జరగాల్సిన పనికి గడువు పొడిగించడం ఒప్పందాన్ని మార్చడం కాదు. 2003 కాగితంలో ధర మారలేదు, భూమి మారలేదు, బాధ్యతలు మారలేదు. మారింది గడువు, తగ్గింది బాకీ. ఇక ‘మిగతా షరతులన్నీ పాత అగ్రిమెంటు ప్రకారమే’ అన్న వాక్యం పాతది బతికే ఉందని అమ్మకందారు స్వయంగా ఒప్పుకున్నట్టు. ఈ ఒక్క వాక్యం లేకపోతే ఏమయ్యేదో చెప్పలేను. ఆ రోజు వాళ్లు ఎకరానికి మరో పది వేలు పెంచి రాసుకుని ఉంటే మాత్రం నేను ఈ వాదన చేయగలిగేవాణ్ని కాదు.

అందుకే 2003 కాగితాన్ని డబ్బు ముట్టిన రసీదుగా, గడువు పొడిగింపుగా మాత్రమే చూపించాలని నిర్ణయించాము. స్వాధీనానికి, ఒప్పందానికి ఆధారం 1998 కాగితం. సాక్ష్యంలో కూడా అదే క్రమం పాటించాము. మొదట 1998 కాగితం, దాని కిందే స్వాధీనం, ఆ తర్వాతే 2003 ముచ్చట.

పని చేయని దారి: ప్రతికూల స్వాధీనం

పాత జవాబు దావాలో అసలు వాదన ప్రతికూల స్వాధీనం. 1998 నుంచి 18 ఏళ్లుగా అందరికీ తెలిసేలా, అమ్మకందారు హక్కును ఎదిరించి అనుభవిస్తున్నాను, కాబట్టి భూమి నాదైపోయింది అని. 12 ఏళ్ల గడువు దాటిందన్న ఆశ ఎవరికైనా కలుగుతుంది. గెలిస్తే హక్కే వస్తుంది కదా, 53ఏతో అయితే స్వాధీనం మాత్రమే కదా అని కొనుగోలుదారు కుటుంబానికి కూడా ఈ వాదనే నచ్చింది.

కానీ ఈ రెండు వాదనలు ఒకదాన్నొకటి తినేస్తాయి. 53ఏ కింద మనం చెప్పేది: భూమి మీదే, మీరిచ్చిన ఒప్పందం ప్రకారం మీ అనుమతితో వచ్చాను, బాకీ ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. ప్రతికూల స్వాధీనంలో చెప్పేది: మీకు హక్కు లేదు, మిమ్మల్ని ఎదిరించే ఉన్నాను. ఒప్పందం కింద స్వాధీనంలోకి వచ్చినవాడు ఆ ఒప్పందాన్ని ఎప్పుడు వదిలేశాడో, ఏ రోజు నుంచి అమ్మకందారుకు తెలిసేలా ఎదురు తిరిగాడో చూపకుండా ప్రతికూల స్వాధీనం చెప్పలేడని 1996లో మోహన్‌లాల్ వర్సెస్ మీర్జా అబ్దుల్ గఫార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మా కొనుగోలుదారు 2011లో బాకీ తీసుకుని రిజిస్టరు చేయమని నోటీసు ఇచ్చాడు. అంటే 2011 వరకు అతను అమ్మకందారు వారసుల హక్కును ఒప్పుకుంటూనే ఉన్నాడు. 12 ఏళ్లు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి?

పైగా ప్రమాదం రెండోవైపు ఎక్కువ. ‘18 ఏళ్లుగా ఎదిరించి ఉన్నాను’ అన్న అతని సొంత రాతనే చూపి, ‘మీరు ఎప్పుడూ ఒప్పందం నెరవేర్చడానికి సిద్ధంగా లేరు’ అని ఎదుటివారు అడుగుతారు. 53ఏలో అన్నిటికన్నా బరువైన షరతు అదే. అది పోతే మిగతావి ఉన్నా లాభం లేదు.

అదృష్టం ఏమిటంటే విచారణ ఇంకా మొదలు కాలేదు. మొదలయ్యాక జవాబు దావా సవరణకు కోర్టు అనుమతి దొరకడం కష్టం. ప్రతికూల స్వాధీనం భాగాన్ని తొలగించి, 53ఏ షరతులను ఒక్కొక్కటిగా, తేదీలతో చేర్చే సవరణ కోరాము. ఎదుటివారు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. ఖర్చులు చెల్లించమని చెప్పి కోర్టు అనుమతించింది. కుటుంబాన్ని ఒప్పించడం అంతకన్నా కష్టమైంది. హక్కు వచ్చే దారిని వదిలేయమని చెప్పే లాయరు మీద ఎవరికైనా అనుమానం వస్తుంది.

స్టాంపు దగ్గర పడిన బ్రేకు

కొనుగోలుదారు సాక్ష్యం ఇస్తూ 1998 కాగితం మార్కు చేయబోతుండగా అభ్యంతరం వచ్చింది. ఊహించిందే. స్టాంపు చట్టం రాష్ట్ర షెడ్యూలులో 47ఏ ఆర్టికల్ వివరణ ప్రకారం, స్వాధీనం ఇచ్చినట్టు చెప్పే లేదా స్వాధీనం ఇవ్వడానికి దారితీసిన అమ్మకం అగ్రిమెంటుకు అమ్మకం దస్తావేజుకు కట్టినంత స్టాంపు డ్యూటీ కట్టాలి. మా కాగితంలో ‘నేటి దినమే స్వాధీనం చేసినాము’ అని ఉంది. 53ఏకు ప్రాణమైన వాక్యమే స్టాంపు దగ్గర మాకు భారమైంది.

ఇక్కడ రిజిస్ట్రేషన్ లోపానికీ స్టాంపు లోపానికీ తేడా గుర్తుంచుకోవాలి. రిజిస్టరు కాని కాగితాన్ని అనుబంధ విషయాల కోసం చూడవచ్చు. స్టాంపు తక్కువైన కాగితాన్ని ఏ విషయానికీ, అనుబంధ ప్రయోజనానికి కూడా చూడకూడదు. 2009లో అవినాశ్ కుమార్ చౌహాన్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. అయితే స్టాంపు లోపాన్ని డబ్బు కట్టి సరిచేయవచ్చు. రిజిస్ట్రేషన్ లోపానికి ఇన్నేళ్ల తర్వాత అలాంటి మందు లేదు.

సరిచేయడానికి రెండు దారులున్నాయి, ఖర్చులో వాటి మధ్య చాలా తేడా ఉంటుంది. కోర్టులోనే కడితే 35వ సెక్షన్ ప్రకారం తక్కువైన డ్యూటీకి తోడు దానికి పది రెట్ల జరిమానా. న్యాయమూర్తికి తగ్గించే అధికారం లేదు. ఉదాహరణకు తక్కువైన డ్యూటీ రూ.20,000 అయితే జరిమానా రూ.2 లక్షలు, మొత్తం రూ.2,20,000. రెండో దారి: కోర్టు కాగితాన్ని ఇంపౌండ్ చేసి, అంటే తన అధీనంలోకి తీసుకుని, 38(2) సెక్షన్ కింద కలెక్టరు అధికారాలున్న జిల్లా రిజిస్ట్రారుకు పంపడం. 40వ సెక్షన్ కింద ఆయన విధించే జరిమానాకు పది రెట్లు పైకప్పు మాత్రమే, అంతకన్నా తక్కువ వేయవచ్చు.

చాలామంది ఆ రోజు ఒత్తిడిలో, కేసు ఆగిపోతుందన్న భయంతో కోర్టులోనే కట్టేస్తారు. మేము కట్టకుండా, అసలు కాగితాన్ని జిల్లా రిజిస్ట్రారుకు పంపమని పిటిషను వేశాము. కేసు కొన్ని నెలలు ఆగింది. జిల్లా రిజిస్ట్రారు దగ్గర భూమి విలువను 1998 నాటి లెక్కన చూడాలని, కొనుగోలుదారు దురుద్దేశంతో డ్యూటీ ఎగ్గొట్టలేదని రాతపూర్వకంగా వివరించాము. వేసిన జరిమానా పది రెట్లకు చాలా దూరంలో ఆగింది. డ్యూటీ, జరిమానా చెల్లించినట్టు ధ్రువీకరణతో కాగితం కోర్టుకు తిరిగివచ్చింది, ఎగ్జిబిట్‌గా మార్కయింది. కాగితం ఒకసారి ఇలా సాక్ష్యంలోకి వెళ్లాక స్టాంపు పేరుతో ఆ దావాలో మళ్లీ ప్రశ్నించే వీలుండదని 36వ సెక్షన్ చెబుతుంది. అప్పీలులో ఎదుటివారు ఆ సంగతి మళ్లీ ఎత్తబోతే ఈ సెక్షనే అడ్డుపడింది.

‘కౌలుదారు’ అన్న మాట

కొడుకుల అసలు కథ ఏమిటంటే, తండ్రి భూమిని కౌలుకిచ్చాడు, ఈయన కౌలుదారు, కాగితం తర్వాత పుట్టించింది. 53ఏలో స్వాధీనం ఒప్పందం వల్ల వచ్చిందని చూపాలి. వేరే కారణంతో కూడా పొసిగేలా ఉంటే సరిపోదు. 1982లో సర్దార్ గోవిందరావ్ మహాదిక్ కేసులో, అప్పటికే తనఖా కింద ఆస్తి తన చేతిలో ఉన్న మనిషి, తర్వాతి అమ్మకం ఒప్పందాన్ని చూపి 53ఏ అడిగితే సుప్రీంకోర్టు ఇవ్వలేదు. ఆయన చేసిన పనులు ఆ ఒప్పందం వల్లనే జరిగాయని తేలలేదన్నది కారణం.

అడంగల్‌లో అనుభవదారు గడిలో మా కొనుగోలుదారు పేరు ఉంది. ఆ ఒక్కటే చూపి ఊరుకుంటే కష్టమే, ఎందుకంటే కౌలుదారు పేరూ అదే గడిలో ఉండవచ్చు. అందుకే కౌలుదారు చేయని పనులు వెతికాము. 2001లో బోరు వేయించి తన పేర కరెంటు కనెక్షన్ తీసుకున్నాడు. తర్వాత భూమిలో సగం దాకా మామిడి అంట్లు నాటాడు, అవి కాపుకు రావడానికే ఏళ్లు పడతాయి. ఏడాది కౌలుకు తీసుకున్నవాడు మామిడి నాటడు. క్రాస్‌లో పెద్ద కొడుకును కౌలు ఎంత, ఎవరు ఎప్పుడు ఇచ్చారు, రసీదు ఉందా అని అడిగాము. పంటలో వాటా అన్నాడు, ఏ పంటలో అంటే చెప్పలేకపోయాడు. మామిడి చెట్లు ఎవరు నాటారంటే ‘ఆయనే’ అన్నాడు. బతికున్న సాక్షి సంతకాన్ని, కాగితం రాసిన రోజును గుర్తుచేసుకుని చెప్పాడు.

‘సిద్ధంగా ఉన్నాను’ అన్నదానికి రుజువు

ఇక మిగిలింది రూ.34,000. బేరంలో ఎనిమిదో వంతుకు కాస్త పైన ఉన్న ఈ మొత్తం మీదే చివరికి వాదనలన్నీ తిరిగాయి. ఇన్నేళ్లలో ఎందుకు ఇవ్వలేదు అన్నది ఎదుటివారి ప్రశ్న.

జవాబు అగ్రిమెంటులోనే ఉంది. ముందు అమ్మకందారు తనఖా విడిపించాలి, తర్వాతే బాకీ చెల్లింపు. అతను బతికుండగా అది జరగలేదు. ఇదే రకం పరిస్థితి 1969 నాటి నాథూలాల్ కేసులో ఉంది. అక్కడ రెవెన్యూ రికార్డుల్లో అమ్మకందారు సోదరుడి పేరు తొలగించాల్సి ఉండగా తొలగించలేదు, కొనుగోలుదారు బాకీ చెల్లించలేదు. అమ్మకందారు తన వంతు ముందు చేయాల్సి ఉండగా చేయనప్పుడు కొనుగోలుదారును తప్పుపట్టలేమని సుప్రీంకోర్టు చెప్పింది. సిద్ధంగా ఉండడమంటే డబ్బు పట్టుకొచ్చి చూపడం కాదని కూడా అందులోనే ఉంది.

కొడుకులు అప్పు తీర్చాక మాత్రం ఈ జవాబు చాలదు. అక్కడ 2011 నోటీసు మమ్మల్ని కాపాడింది. ఆ నోటీసే గడువును పరుగెత్తించి నిర్దిష్ట పాలన దారి మూయించింది, ఆ నోటీసే సిద్ధంగా ఉన్నాడని రుజువైంది. 2011 నాటి బ్యాంకు పాసుపుస్తకంలో రూ.34,000కు మించిన నిల్వ చూపించాము. డబ్బు కోర్టులో జమ చేయాలా వద్దా అని కొంత తర్జనభర్జన జరిగింది. చట్టం అడగదు. కానీ 2016 తర్వాత కూడా సిద్ధమేనని చూపడానికి అంతకన్నా సులువైన దారి లేదనిపించి, అనుమతి తీసుకుని జమ చేశాము. ఎదుటివారు దాన్ని తీసుకోలేదు, తీసుకుంటారని మేమూ అనుకోలేదు.

తీర్పు, ఆ తర్వాత

ట్రయల్ కోర్టు రెండు ముక్కల తీర్పు ఇచ్చింది. భూమి హక్కు కొడుకులదేనని ప్రకటించింది. స్వాధీనం మాత్రం ఇప్పించడానికి నిరాకరించింది: 1998 ఒప్పందం నిజమైనది, 2003 కాగితం దాని కొనసాగింపే, స్వాధీనం ఒప్పందం కిందిదే, కొనుగోలుదారు తన వంతుకు సిద్ధంగా ఉన్నాడు.

తీర్పు విన్న రోజు ఇరుపక్షాల ముఖాలూ ఒకేలా ఉన్నాయి. కొడుకుల దగ్గర హక్కు, పాసుపుస్తకం ఉన్నాయి, పొలంలో అడుగు పెట్టలేరు. కొనుగోలుదారు పొలంలో ఉన్నాడు, అమ్మలేడు, బ్యాంకులో పెట్టి అప్పు తీసుకోలేడు. అతని కొడుకు ‘మరి మనం గెలిచినట్టా?’ అని అడిగాడు. 53ఏ ఇవ్వగలిగింది ఇంతేనని మొదటి రోజునే చెప్పాను. వినడం వేరు, అనుభవించడం వేరు.

కొడుకులు అప్పీలు వేశారు. అక్కడ ఏళ్లు గడుస్తాయని రెండు కుటుంబాలకూ అర్థమయ్యాక లోక్ అదాలత్‌లో మాట్లాడుకున్నారు. కొనుగోలుదారు రూ.34,000తో పాటు మరికొంత మొత్తం అదనంగా ఇచ్చేలా, కొడుకులు రిజిస్టరు దస్తావేజు రాసిచ్చేలా రాజీ కుదిరింది. అదనపు మొత్తం ఎంతన్నది ఇక్కడ అవసరం లేదు. ఆనాటి మార్కెట్ ధరతో పోలిస్తే చిన్నదే.

ఇలాంటి ఫైలు వస్తే ఇప్పుడు నేను చూసే క్రమం

మొదట తేదీ. 2001 సెప్టెంబరు 24కు ముందుదా, తర్వాతదా అన్నది చూడకుండా 53ఏ గురించి ఒక్క మాట కూడా చెప్పను. తర్వాతది అయి, రిజిస్టరు కాకపోతే, ఆ రోజే నిర్దిష్ట పాలన దావా గడువు లెక్క వేస్తాను, ఎందుకంటే ఆ క్లయింటుకు ఉన్న ఒకే ఆశ అది. నోటీసు ఇచ్చి ఊరుకుంటే నోటీసే అతని గడువును మొదలుపెడుతుంది.

తర్వాత, పాత కాగితానికి అనుబంధంగా ఏమేమి రాసుకున్నారో అడుగుతాను. పొడిగింపులు, రసీదులు, ‘రెన్యూవల్’ అని రాసుకున్న కాగితాలు. ఇళ్లలో ఇవి మరిచిపోయి ఉంటాయి, ఎదుటివారి చేతిలో మొదటిసారి కనిపిస్తాయి. పాతదాన్ని రద్దు చేస్తున్నామన్న ఒక్క మాట ఉన్నా, ధర మారినా, 1998 నాటి రక్షణను 2003 తేదీ మింగేస్తుంది. పాత అగ్రిమెంటు ఉన్నవారు ఎవరైనా ‘కొత్త స్టాంపు కాగితం మీద మళ్లీ రాయించుకుందామా’ అని అడిగితే, రాయించుకోకండి, నేరుగా రిజిస్ట్రేషన్‌కే వెళ్లండి అంటున్నాను.

మూడోది ఈ కేసు చివర సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఎదురైంది. 47ఏ వివరణకు ఒక మినహాయింపు ఉంది: అగ్రిమెంటు మీద ముందే కట్టిన స్టాంపు డ్యూటీని, ఆ అగ్రిమెంటు ప్రకారం తర్వాత రాసిన అమ్మకం దస్తావేజు డ్యూటీలో తగ్గిస్తారు. ఎదుటివారి దస్తావేజు రాసేవారు తెచ్చిన చిత్తులో ‘రాజీ ప్రకారం అమ్ముతున్నాము’ అని మాత్రమే ఉంది, 1998 ఊసే లేదు. అలా వదిలేస్తే జిల్లా రిజిస్ట్రారు దగ్గర కట్టిన డ్యూటీ లెక్కలోకి రాదు. చిత్తు వెనక్కి పంపి, 1998 డిసెంబరు నాటి అగ్రిమెంటును అనుసరించి ఈ దస్తావేజు రాస్తున్నామన్న వాక్యం, జిల్లా రిజిస్ట్రారు ధ్రువీకరణ నంబరు చేర్పించి, ధ్రువీకరణ నకలు జతచేశాము. కట్టిన డ్యూటీ తగ్గింది. జరిమానాగా కట్టింది మాత్రం తిరిగి రాలేదు.